ఒంటరివాళ్లకు వాషింగ్ మెషీన్ దండగా?

ఇంటిల్లిపాదీ ఉంటే మెషీన్ సరే, ఒంటికాయ శొంఠికొమ్ముకు ఎందుకు, కిలోల లెక్కన లాండ్రీకి పడేస్తే చవక అన్న మాట హైదరాబాద్ అద్దె గదుల్లో గట్టిగా నాటుకుపోయింది. లెక్క వేస్తే మాత్రం ఆ మాట నిలబడదు. 7 కిలోల టాప్ లోడ్ మెషీన్‌ను 18,000 రూపాయలకు కొని ఎనిమిదేళ్లు వాడితే ఏడాదికి 2,250 పడుతుంది. రిపేర్లకు మరో వెయ్యి కలపండి. వారానికి నాలుగు కిలోల ఒక్క ఉతుకే అయినా, ఉతుక్కి 62 రూపాయలు. అందరూ భయపడే కరెంటు, చన్నీళ్ల ఉతుక్కి అర యూనిట్ కూడా దాటదు, మహా అయితే నాలుగు రూపాయలు. వాడకంలో అసలు ఖర్చు నీళ్లది. ఇలాంటి మెషీన్ 120 లీటర్ల దాకా తాగుతుంది. 5,000 లీటర్ల ట్యాంకర్ వెయ్యి రూపాయలనుకుంటే ఆ నీళ్లే 24. సబ్బు పొడికి 12 కలిపితే మొత్తం నూటరెండు. అవే నాలుగు కిలోల బట్టలు లాండ్రీలో కిలో 70 చొప్పున 280.

ఎనిమిదేళ్లు ఒకే గదిలో ఎవరుంటారని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రెండేళ్లకే ఇల్లు మారుతూ మెషీన్‌ను 8,000కు అమ్మేశారనుకుందాం. ఏడాదికి నష్టం 5,000, రిపేర్లతో 6,000. కరెంటు, నీళ్లు, సబ్బు ఖర్చులు పోను ఉతికిన ప్రతిసారీ లాండ్రీ మీద 240 మిగులుతుంది గనుక, ఏడాదికి 25 ఉతుకులతో, అంటే రెండు వారాలకొకటి చొప్పున, డబ్బు తిరిగొచ్చేస్తుంది. ఇస్త్రీ మాటో? ఆ 70లో ఇస్త్రీ లేదు. ఇస్త్రీతో కలిపి కిలోకు వంద తీసుకుంటే నాలుగు కిలోలకు అదనంగా 120. వీధి చివరి ఇస్త్రీ బండి దగ్గర బట్టకు పది రూపాయలైనా, పది బట్టలకు వందే. తేడా పెద్దగా లేదు.

బోరు నీళ్ల అభ్యంతరానికి మాత్రం బలముంది. ఉప్పునీళ్లకు మెషీన్ వెనక పైపు బిగించేచోట ఉండే చిన్న జాలీ తెల్లగా పెచ్చుకట్టి, టబ్ నిండడానికి రెట్టింపు సమయం పడుతుంది. అది కనిపించగానే కుళాయి కట్టేసి, జాలీని ఊడదీసి బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది. పట్టించుకోకపోతే వాల్వ్, ఆ తర్వాత హీటర్ ఉన్న మెషీన్లలో హీటరూ పాడవుతాయి. నేను వేసిన వెయ్యి అందుకే.

ఆరేసి మడతపెట్టే అరగంట విలువ? అది కొనుక్కోవచ్చు, తప్పు లేదు. కానీ దాన్ని పొదుపు అనకూడదు, వారానికి 178 రూపాయలిచ్చి కొన్న తీరిక అనాలి. పట్టుచీరలు, పెద్ద రగ్గులు ఎటూ లాండ్రీవే. నెలకొక్కసారే ఉతికేవాళ్లు, గదిలో కుళాయి పెట్టించుకోలేనివాళ్లు మెషీన్ జోలికి పోవద్దు. మిగతావాళ్లు మూడు నెలల లాండ్రీ బిల్లులు కూడి చూసుకుని, ఆ తర్వాతే దండగన్న మాట అనండి.