రసీదులో పద్దులు విడదీయాల్సిందే

జనవరి వచ్చిందంటే అచ్యుతాపురం సెజ్‌లోనూ, పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రంలోనూ పనిచేసే అనకాపల్లి జిల్లా ఉద్యోగులు పిల్లల ఫీజు రసీదులు వెతుక్కుంటారు. పాత పన్ను విధానంలో ఉన్నవారు నిర్ణీత ఫారంతోపాటు వాటిని కార్యాలయానికి అందజేయాలి. ఇద్దరు పిల్లల పూర్తికాల చదువు కోసం దేశంలోని విద్యాసంస్థకు కట్టిన ట్యూషన్ ఫీజుకు 80సి సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. కొత్త చట్టంలో ఆ సెక్షన్ సంఖ్య 123గా మారింది. పీఎఫ్, ఎల్ఐసీలతో కలిపి దీనికి పరిమితి 1.5 లక్షల రూపాయలు. డెవలప్‌మెంట్ ఫీజును, విరాళాన్ని చట్టమే తోసిపుచ్చింది. బస్సు, హాస్టల్, పుస్తకాల ఖర్చులు ట్యూషన్ ఫీజు కిందకు రావు. ఏ పద్దుకు ఎంత కట్టామో రసీదు చెప్పకపోతే తల్లిదండ్రులకు ఈ మినహాయింపు దక్కే దారి లేదు. కాబట్టి ట్యూషన్ ఫీజును విడిగా చూపడాన్ని ప్రభుత్వం యాజమాన్యాలకు తప్పనిసరి చేయాలి.

నష్టం ఎంతో ఒక ఊహా లెక్కలో చూద్దాం. 20 శాతం పన్ను శ్లాబులో ఉన్న ఒక ఉద్యోగి 2024-25లో పీఎఫ్‌కు 60 వేలు జమ చేశారు. ఏడో తరగతి చదివే కొడుకు బడి టర్ముకు 10 వేల చొప్పున ట్యూషన్ ఫీజును, బస్సుకు 12 వేలను వేర్వేరుగా రసీదుల్లో రాసింది. మూడో టర్ము ఫీజును 2025 ఏప్రిల్‌లో కట్టారు. విద్యా సంవత్సరం పాతదే అయినా చట్టం చూసేది చెల్లించిన తేదీని కాబట్టి అది మరుసటి ఏడాది లెక్కలోకి వెళుతుంది. పాత బకాయిలు లేవనుకుంటే ఈ ఏడాదికి లెక్కకొచ్చేది 20 వేలే. విశాఖలో రెసిడెన్షియల్ ఇంటర్ చదువుతున్న కూతురికి 1.6 లక్షలు కట్టారు. అందులో కళాశాల పాఠాలకు 55 వేలు, హాస్టల్‌కు 75 వేలు, కోచింగ్‌కు 30 వేలు. పద్దులు విడదీసి ఇస్తే ఇద్దరు పిల్లలకూ కలిపి 75 వేలు, పీఎఫ్‌తో 1.35 లక్షలు అవుతుంది. కానీ కళాశాల ఇచ్చిన రసీదులో ‘వార్షిక ఫీజు 1,60,000’ అని ఒకే గీత ఉంది. దాంతో 55 వేలకు రుజువు లేకుండా పోయింది. సెస్సుతో కలిపి 11,440 రూపాయల పన్ను ఆయన మీద అదనంగా పడింది.

మొత్తం రసీదునే చూపేస్తే పోలేదా అనేవారున్నారు. పరిమితిలో ఇంకా మిగిలింది 15 వేలే కాబట్టి ఆ పనివల్ల అదనంగా మిగిలేది 3,120 రూపాయలు. దానికోసం న్యాయంగా దక్కాల్సిన 11,440ని కూడా అనుమానంలోకి నెట్టినట్టవుతుంది. ఆదాయాన్ని తప్పుగా చూపారని తేలితే ఆ పన్నుకు రెట్టింపు జరిమానా పడవచ్చు. 2025 జులై 14న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు బోగస్ మినహాయింపులపై దేశవ్యాప్తంగా తనిఖీలు మొదలుపెట్టిన సంగతి మరవకూడదు. నిజాయితీపరులు కూడా రసీదులు కూడేటప్పుడు పొరబడే అవకాశముంది. టర్ము రసీదులతోపాటు ఏడాది చివర బడి ఇచ్చే ధ్రువపత్రాన్నీ కలిపితే అదే సొమ్ము రెండుసార్లు లెక్కకొస్తుంది. ఒకే రసీదును భార్యాభర్తలిద్దరూ చూపినా అంతే. రసీదు సంఖ్య, చెల్లించిన తేదీ, విద్యార్థి పేరు, పద్దు, ఎవరు కట్టారన్నది వరుసగా రాసుకుంటే ఇవి ఇట్టే బయటపడతాయి. పద్దే లేని రసీదును మాత్రం ఏ పట్టికా సరిచేయలేదు.

ఫీజుల వ్యవహారంలో ప్రభుత్వ జోక్యం కోర్టుల్లో నిలవదని యాజమాన్యాలు అనవచ్చు. 2021 ఆగస్టులో 53, 54 జీవోలతో ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజులను అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు రద్దు చేసిన మాట నిజమే. అయితే ఆ వివాదం ఎంత వసూలు చేయాలన్న దానిమీద. ఇక్కడ అడుగుతున్నది వసూలు చేసినదాన్ని ఉన్నదున్నట్టు రాయమని మాత్రమే. బోధన, వసతి, కోచింగ్ కలగలిసిన ప్యాకేజీని విడదీయలేమన్న వాదనా నిలవదు. హాస్టల్ లేకుండా చేరేవారికి వేరే ధర చెబుతున్నప్పుడు హాస్టల్ వాటా తెలియదనడం కుదరదు. ఇంటర్ వరకు పాఠ్య బోధనకు జీఎస్టీ లేదు, ప్రైవేటు కోచింగ్‌కు 18 శాతం ఉంది. పద్దులు విడదీస్తే ఆ ప్రశ్నకూ యాజమాన్యాలు జవాబు చెప్పాల్సి వస్తుంది. ఈ మినహాయింపు లేని కొత్త విధానమే ఇప్పుడు డిఫాల్ట్‌గా ఉన్నప్పుడు దీనికోసం ఇంత పట్టు ఎందుకన్నది మరో అభ్యంతరం. పాత విధానాన్ని ఎంచుకునే వీలు చట్టంలో ఉన్నంతకాలం దాన్ని వాడుకునేవారికి రుజువు అందాలి. రెండింటిలో ఏది లాభమో తేల్చుకోవడానికి కూడా ముందు సరైన మొత్తం తెలియాలి కదా.

పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్, ఇంటర్మీడియట్ బోర్డు కలిసి ఒకే నమూనా రసీదును నిర్ణయించాలి. ట్యూషన్, వసతి, రవాణా, కోచింగ్, ఇతరాలు అని ఐదు గడులు పెడితే చాలు. ఒక ఆర్థిక సంవత్సరంలో అందిన సొమ్ముకు పద్దులవారీ ధ్రువపత్రం ఏప్రిల్ నెలలోనే ఇవ్వాలి. ఇవ్వని సంస్థ గుర్తింపును పునరుద్ధరించకూడదు. ఆ ఉత్తర్వు వచ్చేదాకా తల్లిదండ్రులు డబ్బు కట్టిన రోజునే కౌంటర్ దగ్గర పద్దులు రాయించుకోవాలి.