ఫుల్ ఫండింగ్ చెల్లి, 23 కేజీల పెట్టెలు

పోయినేడాది ఆగస్టులో మా చెల్లి పీహెచ్‌డీ చెయ్యడానికి అమెరికా వెళ్ళింది. మా వైపు చుట్టాల్లో అంత చదువు దాకా పోయిన మొదటి మనిషి తనే. ఇంకేముంది, నెల ముందు నుంచే విజయవాడలో మా ఇంటికి చుట్టాలు, వాళ్ళ చేతుల్లో బహుమతులు. ఆ నెల రోజుల్లో నాకు తెలిసొచ్చింది ఒకటే. మనం ఇచ్చే వాటిల్లో సగానికి సగం వెళ్ళే మనిషి కోసం కాదు, ఇచ్చామన్న మన తృప్తి కోసం. ఇందులో మొదటి ముద్దాయిని నేనే.

ముందు బరువుల లెక్క చెప్తాను. తన టికెట్ మీద 23 కేజీల పెట్టెలు రెండు. 46 అనగానే బోలెడంత ఉన్నట్టు అనిపిస్తుంది కదా? ఖాళీ పెట్టెలు రెండే కలిపి 9 కేజీలు తూగాయి. మిగిలింది 37. బట్టలు, చలికోటు, బూట్లు, దుప్పటి కలిపి 18. కుక్కరు, గిన్నెలు 4. పొడులు, పచ్చళ్ళు 8. మందులు, కాగితాలు, చిల్లర మల్లర 3. అంటే ఇంకా ఖాళీ ఉన్నది 4 కేజీలకే. చుట్టాలు తెచ్చినవన్నీ లగేజీ కాటాకి తగిలిస్తే 11 కేజీలొచ్చాయి! అందులో బాబాయి తెచ్చిన అద్దాల ఫ్రేము వెంకటేశ్వరస్వామి, పిన్ని పెట్టిన రెండు పట్టుచీరలు, ఎవరో మొక్కపాటిగా తెచ్చిన ఇత్తడి దీపపు సెమ్మె. మా పెద్దమ్మ అయితే పెరట్లోంచి పచ్చి కరివేపాకు కోసుకొచ్చింది. అది అమెరికాలో దిగగానే చెత్తబుట్టలో వేయిస్తారు. నిమ్మజాతి తోటల్ని పాడుచేసే తెగులు పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి పచ్చి ఆకు రానివ్వరు. ఎంత ప్రేమగా కోసినా అంతే.

ఇక నా ఘనకార్యం. నేను హైదరాబాదు నుంచి మాంచి ఇండక్షన్ స్టవ్ పట్టుకెళ్ళాను. చెల్లి దాన్ని బోర్లించి వెనక స్టిక్కర్ చూపించింది. 230 వోల్టులు. అక్కడ గోడలో వచ్చేది 120. లాప్‌టాప్, ఫోన్ చార్జర్ల మీద 100-240 అని ఉంటుంది కాబట్టి వాటికి ప్లగ్ అడాప్టరు చాలు. స్టవ్, మిక్సీ, ఇస్త్రీపెట్టె లాంటివి అలా కాదు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటే అది స్టవ్ కంటే బరువుంటుంది. "అన్నయ్యా, నువ్వు నిజంగా ఇంజినీరువేనా?" అంది. కొనేముందు ఒక్క మాట తనని అడిగుంటే సరిపోయేది. కానీ సర్‌ప్రైజ్ చెయ్యాలన్న సరదా నాది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక తను ఎక్సెల్ షీటు ముందు కూర్చుని ఉంది. లగేజీ లిస్టేమో అనుకుని తొంగిచూశాను. కాదు. ఆగస్టు 12న దిగినప్పటి నుంచి సెప్టెంబరు 30న మొదటి స్టయిపెండ్ పడేదాకా అయ్యే ఖర్చు. అద్దె అడ్వాన్సు 600 డాలర్లు, ఆగస్టు సగం నెల అద్దె 300, సెప్టెంబరు అద్దె 600. ట్యూషన్ మాఫీ అయినా విడిగా కట్టాల్సిన యూనివర్సిటీ ఫీజులు 500. పరుపు, కుర్చీ, వంటసామాను 250. తిండి, ఫోను, బస్సు 350. మొత్తం 2600. దాని కింద వరుసలో, తను ఇక్కడ రెండేళ్ళు ఉద్యోగం చేసి దాచుకున్నది: 900.

"మిగతా 1700 ఎలాగే?" అన్నాను. "అక్కడ సీనియర్లని అడుగుతాలే" అంది. మాకెందుకు చెప్పలేదంటే, "ఫుల్ ఫండింగ్, పైసా ఖర్చు లేదు అని నాన్న ఊరంతా చెప్పుకున్నారు కదా అన్నయ్యా" అంది. నాకు మాట రాలేదు.

చెప్పొచ్చేదేమంటే, ఎమ్మెస్‌కి వెళ్ళే పిల్లలకి ఈ ఇబ్బంది చాలావరకు రాదు. వాళ్ళు లోను తీసుకుంటారు, డబ్బు ఎంత కావాలో ఇల్లంతా కూర్చుని లెక్కేస్తుంది. పీహెచ్‌డీ వాళ్ళకి ఫండింగ్ లెటరే ఆధారం. దాన్ని చూపించే వీసా వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరూ డబ్బు ఊసెత్తరు. కానీ ఆ లెటరు రేపటి జీతం గురించి చెప్తుంది, ఇవాళ్టి చేతిఖర్చు గురించి కాదు. మనల్ని కంపెనీ ఆన్‌సైట్ పంపిస్తే మొదటి వారాలకి హోటలూ, అలవెన్సూ ఇచ్చేది. వీళ్ళకి అదీ ఉండదు.

స్టవ్ వాపసిచ్చేశాను. నా బోనస్‌లోంచి 2000 డాలర్లు తీసి, 400 నోట్లుగా, మిగతా 1600 ఫారెక్స్ కార్డులో వేసిచ్చాను. (నోట్ల రూపంలో 3000 డాలర్ల దాకానే ఇస్తారు, అయినా అంత నగదు చేతిలో పెట్టుకుని తిరగడం ఎందుకు?) కార్డు బరువు గ్రాముల్లో. ఇది అప్పు కాదని గట్టిగా చెప్పాను. అప్పంటే మా చెల్లి చలికి మంచి బూట్లు కొనుక్కోవడం మానేసి నాకు కట్టడం మొదలెడుతుంది, దాని సంగతి నాకు తెలుసు.

డబ్బిస్తే అందులో ప్రేమేముంది అని అమ్మ అడిగింది. సబబైన ప్రశ్నే. నా మటుకు నాకు, అవతలి మనిషి అడగలేనిది కనిపెట్టి ఇవ్వడం కూడా ప్రేమే. అలాంటిదే ఇంకోటి, పళ్ళ డాక్టరు. స్టూడెంట్ ఇన్సూరెన్సుల్లో పళ్ళకీ కళ్ళజోళ్ళకీ చాలాసార్లు కవరేజీ ఉండదు. వెళ్ళేముందు చూపిస్తే రెండు పిప్పిపళ్ళు బయటపడ్డాయి. బాబాయి ఆ బిల్లూ, రెండు జతల కళ్ళజోళ్ళ బిల్లూ కట్టి, స్వామివారి పటం మా ఇంటి గోడకి తగిలించాడు. ఒక్క జాగ్రత్త, ఇది నెల ముందే చేయించాలి. రూట్ కెనాల్ అంటే ఒక్క సిట్టింగులో తేలకపోవచ్చు.

మరి మనసుకి? అది అమ్మే తేల్చింది. మా అమ్మ వంటంతా ఒక పాత స్టీలు గ్లాసు కొలతతో నడుస్తుంది. గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్ళు, పులిహోరకి పావు గ్లాసు చింతపండు గుజ్జు. చెల్లి ఎన్నిసార్లు రాసుకున్నా "ఏ గ్లాసు?" అన్న దగ్గరే ఆగిపోయేది. అమ్మ ఆ గ్లాసే ఇచ్చేసింది. 90 గ్రాములు. లోపల సాక్సులు కుక్కితే చోటు కూడా పట్టలేదు.

తర్వాత ఏమైందంటే, చేరేటప్పుడు ఇవ్వాల్సిన కాగితాలు ఆ నెల పేరోల్ గడువు దాటాయట, సెప్టెంబరు 30న స్టయిపెండ్ పడలేదు. అక్టోబరు మధ్యలో పడింది. ఒకటో తారీఖు అద్దె 600, చేతిలో 300. ఆ రాత్రే ఫోను చేసి "అన్నయ్యా, ఇంకో మూడొందలు కావాలి" అంది, ఏ నసుగుడూ లేకుండా. నేనిచ్చిన 2000 డాలర్లలో అసలు గిఫ్టు ఇదేనేమో అనిపించింది.

మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో పీహెచ్‌డీకి వెళ్తుంటే షాపుకి వెళ్ళేముందు రెండే ప్రశ్నలు అడగండి. మొదటి జీతం ఏ తారీఖున పడుతుంది? అప్పటిదాకా చేతిలో ఎంత ఉంది? తడుముకుంటే ఏం కొనాలో మీకే తెలిసిపోతుంది. అన్నట్టు, స్టవ్ కొనేముందు వెనక స్టిక్కర్ చూడండి.