సగం డిస్కంటే సగం ఫోటోలు కాదు

ఆ మధ్య ఒక మిత్రుడు రెండు డిస్కులు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. రెయిడ్ జీరోగా కలిపి, పిల్లల ఫోటోలన్నీ వాటిలో దాచుకున్నాడు. ఒకటి పోయింది. "రెండోది బానే ఉందిగా, సగమైనా రావా?" అన్నాడు.

రావు. రెయిడ్ జీరో ప్రతి ఫైలునూ ముక్కలు చేసి పంచుతుంది. అతని సెట్టింగు ముక్కకు 64 కిలోబైట్లు. 4 మెగాబైట్ల ఫోటో అంటే 64 ముక్కలు. సగం పోయిన డిస్కులో ఉన్నాయి. ఒక్క ముక్కలో ఇమిడే చిన్న ఫైళ్ళే దక్కుతాయి. ఇక్కడో మోసముంది. జేపెగ్ ఫైలు మొదట్లోనే థంబ్‌నెయిల్ ఉంటుంది. ఆ ముక్క మంచి డిస్కులో పడితే రికవరీ సాఫ్ట్‌వేర్ బుల్లి బొమ్మను చక్కగా చూపిస్తుంది. అది చూసి డబ్బు కట్టకండి.

నన్నడిగితే, శ్రమంతా పోయిన డిస్కు మీదే పెట్టాలి. అది టక్ టక్ మంటుంటే వెంటనే కరెంటు తీసేసి, హెడ్లు మార్చగల లాబుకు పంపాలి. చప్పుడు లేకుండా, కంప్యూటరు గుర్తుపడుతూ, చదవడంలోనే తప్పులొస్తుంటే, మూడో డిస్కు మీదకి కాపీ తీయాలి:

```
ddrescue -d -n /dev/sdb d2.img d2.map
```

ఇది మొరాయించే చోట్లను వదిలి, సులువుగా చదవగలిగినదంతా ముందు లాగేస్తుంది. మంచి డిస్కుకూ కాపీ తీసి, రెండు కాపీలనూ పాత వరుసలో, పాత ముక్క సైజుతో కలపాలి. అప్పుడు చదవలేని సెక్టార్లు ఏ ఫైళ్ళలో పడ్డాయో ముఖ్యంగా అవే దెబ్బతింటాయి.

మిత్రుడి ఫోటోలు చాలావరకు అలాగే వచ్చాయి. లోపలి పళ్ళేలు గీసుకుపోయి ఉంటే మాత్రం, ఆ గీతల కింది ముక్కలను ఏ లాబూ తేలేదు.