ఫొటోలో సగం మొహం

ఇంటికి సున్నం వేయిస్తుంటే అటక మీద నుంచి ఒక పాత ఫ్రేమ్ దిగింది. కావలిలో మా ఏడో తరగతి గ్రూప్ ఫొటో! కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్న పొట్టోళ్లు, కుర్చీల్లో సార్లు, వాళ్ల వెనక నిలబడ్డవాళ్లు, ఆ వెనక బెంచీలెక్కిన పొడుగోళ్లు. ముందు పలక మీద సుద్దతో '7వ తరగతి బి, 1998-99'.

నన్ను పట్టుకోవడం చాలా తేలిక. నుదురు మీద ఎండ పడి ట్యూబ్‌లైట్‌లా మెరుస్తున్నవాణ్ణి నేనే. ఆ రోజు మా అమ్మ తలకి పెట్టిన నూనెతో వడలు వేసుకోవచ్చు. చొక్కా మా అన్నది. చేతులు వేళ్లదాకా వచ్చాయి.

నిజానికి నా చోటు కింద, పొట్టోళ్ల వరసలో. ఏడో తరగతంటే మాటలా? అప్పట్లో దానికీ కామన్ పరీక్షలుండేవి. అంతటి మనిషిని నేల మీద కూర్చోబెడతారా అని రోషం వచ్చి, సారు చూడకుండా కుర్చీల వెనకకి దూరాను. ఎత్తు చాలక ఇటుకరాయి ఒకటి తెచ్చి, దాని మీద మునివేళ్లతో నిలబడ్డాను.

"ఒరేయ్, నేను కనపడను, పక్కకి జరగరా" అని వెనక నుంచి ఒకడు గొణిగాడు. తుమ్మలపెంట వైపు నుంచి సైకిలు మీద వచ్చే నా దోస్తు. నేను జరగలేదు. కెమెరాలో రీలుకి 36 ఫొటోలే. స్కూలంతటికీ అదే రీలు. సెక్షన్‌కి రెండు క్లిక్కులు కొట్టి, "అయిపోయింది, దిగండి" అన్నాడాయన. బాగొచ్చిందో లేదో కడిగి తెచ్చేదాకా తెలీదు. తీరా చూస్తే, నా నూనె తల పక్క నుంచి వాడిది ఒక కన్ను, ఒక చెవి, సగం నవ్వు.

మొన్న దాన్ని స్టేటస్ పెట్టాను. ఫొటో గాజుకి అతుక్కుపోయింది. మా సముద్రం తేమకి మామూలే. పీకితే రంగు గాజుకే ఉండిపోతుంది కాబట్టి ఫ్రేమ్‌తో సహా కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్ ఆపేసి, కాస్త వారగా తీశాను.

పది నిమిషాల్లో వాడి ఫోను. తిడతాడనుకున్నా.

"ఏందిరా, ఇది ఇంకా ఉందా నీ కాడ? అప్పుడు కాపీకి మా నాయన దగ్గిర డబ్బుల్లేవు. చిన్నప్పటిది నాకు ఒక్క ఫొటో కూడా లేదబ్బయా. మా పాప ఎప్పుడూ అడుగుతా ఉంటది."

నా గొంతులో ఏదో అడ్డం పడింది. ఉన్న ఒక్క ఫొటోలోనూ సగం మింగేసింది నేనే కదా! సారీ చెప్పబోతుంటే అవతల పాప అరిచింది: "నాన్నా, ఆ చెవి అచ్చం నాదే!"

ఆదివారం ఫ్రేమ్ పట్టుకుని తుమ్మలపెంట వెళ్తున్నా. పాప మా ఇద్దరికీ ఫొటో తీస్తుందట. ఈసారి ముందు నిలబడేది వాడు. ఇటుక కూడా వాడికే.