మూడు మాటలు చాలు

మీ ఇంట్లో రెండేళ్ళ చెల్లో తమ్ముడో ఉన్నారా? లేకపోతే పిన్ని వాళ్ళ బాబో, అత్త వాళ్ళ పాపో ఉండే ఉంటారు. ఈ పాఠం చివర మీరు వాళ్ళ కోసం ఒక నిమిషం వీడియో చెయ్యాలి. అందులో ముక్కు, చెవి లాంటి తెలుగు మాటలు నేర్పాలి. ఆ పని మొదలుపెట్టే ముందు నా అభిప్రాయం ఒకటి వినండి. వీడియోలో బొమ్మలు ఎంత బాగున్నాయన్నది పెద్ద విషయం కాదు. మీరు ఏ వాక్యాన్ని పదే పదే అంటున్నారన్నదే అసలు విషయం. ఆ వాక్యం కుదరకపోతే ఎంత మంచి సంగీతం పెట్టినా పాప నవ్వుతుంది, చూస్తుంది, కానీ ఒక్క మాట కూడా పట్టుకోదు.

ఇది నాకు మా అన్నయ్య కూతురు నేర్పింది. దానికి అప్పటికి రెండేళ్ళు ఇంకా నిండలేదు. నేను దానికి అత్తను, పైగా తెలుగు నేర్పే టీచర్‌ని, కాబట్టి గొప్పగా ఒక వీడియో చేశాను. "ఇది ముక్కు. ముక్కుతో వాసన చూస్తాం. ఇవి కళ్ళు. కళ్ళతో చూస్తాం. ఇవి చెవులు. చెవులతో వింటాం." ఇలా తల నుంచి కాలి వేళ్ళ దాకా పది మాటలు చెప్పాను. వెనకాల డోలు కూడా పెట్టాను. పాప డోలు మోగినప్పుడల్లా ఎగిరింది. నాకు భలే సంతోషం వేసింది. వీడియో అయ్యాక "ముక్కు ఏదమ్మా?" అని అడిగితే నా ఫోన్‌ను చూపించింది.

తప్పు పాపది కాదు, నాది. నేను చెప్పినవి మీకు పనికొచ్చే వాక్యాలు. ఎనిమిదేళ్ళ పిల్లలకైతే "ముక్కుతో వాసన చూస్తాం" బాగానే ఉంటుంది. ముక్కు అంటే ఏమిటో ఇంకా తెలియని పాపకి ఆ వాక్యంలో ముక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. దానికి అదంతా ఒకటే పొడుగాటి చప్పుడు.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. మన వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. "ముక్కు చూపించు", "ముక్కు పట్టుకో", "ముక్కు తుడుచుకో" అన్నప్పుడు చివర వినిపించేది చూపించు, పట్టుకో, తుడుచుకో. ముక్కు ముందే వెళ్ళిపోయింది. చిన్నపిల్లల చెవికి సులువుగా అందేది వాక్యం చివర, ఆగే ముందు వినిపించే మాట. కాబట్టి మనం నేర్పాలనుకున్న మాటే చివరికి వచ్చే వాక్యం కావాలి. అలాంటి వాక్యం మనకి వెతుక్కోకుండానే ఉంది. "ఇదిగో ముక్కు!"

"ముక్కు ఏది?" అని అడగడం, "ఇదిగో ముక్కు!" అని చూపించడం. అమ్మమ్మలు, బామ్మలు ఒళ్ళో కూచోబెట్టుకుని ఆడించే ఆట ఇదే. నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. అయితే ఈ ఆటలో ఒక సుగుణం ఉంది, అది మాత్రం నేను వీడియో చెడగొట్టుకున్నాకే గమనించాను. ఇందులో ముక్కు ఎప్పుడూ ముక్కుగానే ఉంటుంది. "మీద" అనే మాట తగిలిస్తే ఏమవుతుందో చూడండి. ముక్కు మీద, చెవి మీద అంటే మాటలు మారవు. కానీ కన్ను "కంటి మీద" అవుతుంది, నోరు "నోటి మీద" అవుతుంది, చెయ్యి "చేతి మీద" అవుతుంది. "కంటి మీద వేలు పెట్టు" అని పది సార్లు అన్నా పాపకి కన్ను అనే మాట ఒక్కసారి కూడా వినిపించదు. (మీలో కొందరికి ఈ కంటి, నోటి, చేతి ఇప్పటికీ తికమకగానే ఉంటాయని నాకు తెలుసు. పరవాలేదు, వాటికి వేరే పాఠం ఉంది.)

రెండోసారి నేను మూడే మాటలు తీసుకున్నాను. ముక్కు, చెవి, బొజ్జ. కడుపు అనలేదు, ఎందుకంటే ఇంట్లో అందరూ పాపతో బొజ్జ అనే అంటారు. కళ్ళు కూడా తీసుకోలేదు. దానికి కారణం ఉంది. ఒకటైతే "ఏది? ఇదిగో!" అంటాం. రెండైతే "ఏవి? ఇవిగో!" అనాలి. "కళ్ళు ఏవి? ఇవిగో కళ్ళు!" అంటే వినడానికి చిన్న తేడానే, కానీ పాప పట్టుకుని వేలాడుతున్న కొమ్మే మారిపోయినట్టు అవుతుంది. మొదటి వీడియోలో మారాల్సింది ఒక్క మాట మాత్రమే, మిగతాదంతా అలాగే ఉండాలి. కళ్ళు, కాళ్ళు, చేతులు కలిపి తర్వాత ఇంకో వీడియో చెయ్యండి. అందులో మొదటి నుంచి చివరి దాకా "ఇవిగో" ఒక్కటే వాడండి.

నా స్క్రిప్టు ఇలా ఉంది.

ముక్కు... ఏది?
ముక్కేదీ?
(ఇక్కడ ఆగాలి)
ఇదిగో ముక్కు!
ఇదిగో, ఇదిగో... ముక్కు!

తర్వాత ముక్కు బదులు చెవి, ఆ తర్వాత బొజ్జ. అంతే. మొదటి వరసలో "ముక్కు... ఏది?" అని విడిగా ఎందుకు రాశానంటే, మామూలుగా మాట్లాడేటప్పుడు మనం "ముక్కేది", "చెవేది", "బొజ్జేది" అని కలిపేస్తాం. అలా కలిపినప్పుడు ముక్కులోని చివరి ఉకారం, చెవిలోని చివరి ఇకారం ఎగిరిపోతాయి. అలాగని ఎప్పుడూ విడదీసి అంటే రోబో మాట్లాడినట్టు ఉంటుంది, ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. అందుకే ఒకసారి విడిగా, వెంటనే ఒకసారి కలిపి. పాప రెండూ వింటుంది.

ఇక "ఇక్కడ ఆగాలి" అన్న చోటు. ఎడిటింగ్‌లో మీరు మొదట కోసేసేది ఇదే, నాకు తెలుసు. ఏమీ జరగనట్టు ఉంటుంది కదా! కోయకండి. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంత సేపు ఆగండి. పాప ప్రశ్న వినాలి, ఆలోచించాలి, వేలు ఎత్తాలి, ముక్కు దాకా తీసుకెళ్ళాలి. ఆ పనంతా జరిగేది ఈ మౌనంలోనే. అమెరికాలో 1996లో మొదలైన "బ్లూస్ క్లూస్" అనే టీవీ కార్యక్రమం మీ అమ్మానాన్నలకి గుర్తుండొచ్చు. అందులో అన్నయ్య కెమెరా వైపు చూసి ప్రశ్న అడిగి, జవాబు వినపడుతున్నట్టు కాసేపు ఆగేవాడు. ఇంకో సంగతి, అప్పట్లో ఒకే ఎపిసోడ్‌ను వారంలో ఐదు రోజులూ వేసేవాళ్ళు. పిల్లలు విసుక్కోలేదు. వాళ్ళకి జవాబులు తెలిసేకొద్దీ ఇంకా గట్టిగా అరిచి చెప్పేవాళ్ళు.

నా రెండో వీడియో చూసి మా అన్నయ్య "ఏంటే ఇది? మూడు మాటలేనా? బోరు కొట్టదూ?" అన్నాడు. వాడికి కొట్టింది నిజమే. మీక్కూడా కొడుతుంది, ఎందుకంటే మీకు ముక్కు తెలుసు. 2011లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు మూడేళ్ళ పిల్లలతో ఒక పరీక్ష చేశారు. కొందరికి అవే కథలు మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరికి ప్రతిసారీ వేరే కథ చదివారు. కొత్త మాటలు ఇద్దరికీ అన్నే సార్లు వినిపించాయి. అయినా అదే కథ మళ్ళీ విన్నవాళ్ళే ఆ మాటలు బాగా నేర్చుకున్నారు. చుట్టూ ఉన్నదంతా తెలిసినదైతే కొత్తది ఒక్కటే కనిపిస్తుంది. మా అన్నయ్య బోరు అన్నది పాపకి పట్టుకొమ్మ.

అయితే అదే వరస మరీ ఎక్కువైతే ఏమవుతుందో కూడా చెప్పాలి. నాలుగు రోజుల తర్వాత పాప ముక్కు, చెవి, బొజ్జ చకచకా చూపించేస్తోంది. ఇల్లంతా చప్పట్లు. నాకెందుకో అనుమానం వచ్చి, ముందుగా "బొజ్జేది?" అని అడిగాను. ముక్కు పట్టుకుంది! అది నేర్చుకున్నది మాటలు కాదు, వరుస. మొదట అడిగితే ముక్కు, తర్వాత అడిగితే చెవి. అప్పుడు వీడియోలో రెండో విడత కలిపాను. మొదటి విడతలో ముక్కు, చెవి, బొజ్జ. రెండో విడతలో బొజ్జ, ముక్కు, చెవి. మొత్తం ఒక నిమిషంలోపే సరిపోయింది. మీరు కూడా పాప నేర్చుకుందో లేదో చూడాలంటే ఫోన్ ఆపేసి, మర్నాడు, వరుస మార్చి అడగండి. అడిగేటప్పుడు మీ వేలు మీ ముక్కు మీద ఉండకూడదు. అలా ఉంటే పాప మీ మాట వినదు, మీ వేలిని చూస్తుంది.

అల్లరి ఎక్కడ పెట్టాలని మీరు అడుగుతారు. చివర్లో పెట్టండి. చెవి పట్టుకుని "ఇదిగో ముక్కు!" అనండి. ఆగండి. "కాదు కాదు కాదు! ఇదిగో ముక్కు!" ఇది మొదటి రోజు పనిచెయ్యదు. ముక్కు తెలిసిన పాపే ఈ తప్పుకి నవ్వుతుంది. మా తరగతిలో ఒక అబ్బాయి "ముక్కూ గిక్కూ, చెవీ గివీ" అని రాశాడు. నాకూ నవ్వొచ్చింది, కానీ తీసెయ్యమన్నాను. మనకి గిక్కు అంటే సరదా. ముక్కు తెలియని పాపకి గిక్కు కూడా నేర్చుకోవాల్సిన ఇంకో మాటే.

ఈ వీడియో చూసేది పాప ఒక్కతే కాదు, పక్కన అమ్మో నాన్నో ఉంటారు. వాళ్ళకి చెప్పాల్సింది తెర కింద రాయండి, గొంతుతో చెప్పకండి. "పాప వేలు పట్టుకుని ముక్కు మీద పెట్టండి" అని మీరు పైకి చదివితే, అంత కష్టపడి పాపకోసం కట్టిన వరసలో పెద్దవాళ్ళ వాక్యం వచ్చి పడుతుంది. పాపతో నువ్వు, పెద్దవాళ్ళతో అండీ. ఒకటి వినిపించాలి, ఒకటి కనిపించాలి. చివర్లో ఇంకో వరస కూడా రాయండి: "ఫోన్ పక్కన పెట్టి, స్నానం చేయించేటప్పుడు ఇదే ఆట ఆడండి." పద్దెనిమిది నెలలు నిండని పిల్లలకి వీడియో కాల్ తప్ప వేరే తెర వద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో చెప్పింది. కాబట్టి మీ తమ్ముడు అంత చిన్నవాడైతే వీడియో చెయ్యకండి, ఆ స్క్రిప్టు పట్టుకుని వెళ్ళి మీరే వాడి ముందు కూచోండి.

మా పాప సంగతా? వారం తర్వాత గుంటూరు నుంచి బామ్మ వీడియో కాల్ చేసి "నీ ముక్కేదే బంగారం?" అంది. పాప ఫోన్ తెర మీద బామ్మ ముక్కును వేలితో పొడిచి, "ఇగో" అంది. నేను వరుస మార్చి అడిగాను కానీ, ఎవరి ముక్కు అన్నది ఎప్పుడూ అడగలేదు. "నా ముక్కు, నీ ముక్కు" ఇప్పుడు మూడో వీడియో కోసం రాసుకుంటున్నాను.