“కాస్త చూసి చెప్పండి” అనేది మర్యాద కాదు

పాత వస్తువును అమ్మకానికి పెట్టినవారికి కొనేవారు రాసే మాటల్లో నాకు అన్నిటికన్నా చికాకు కలిగించేది తిట్టు కాదు, “అండీ, దయచేసి కాస్త చూసి చెప్పండి” అన్న వినయం. అందులో అంకె లేదు, కారణం లేదు. తగ్గించే భారమంతా అమ్మేవాడి నెత్తినే పడుతుంది.

మా ఎనుమాములవాళ్ళకు ఈ తీరు కొత్తది కాదు. మార్కెట్ యార్డులో మేలైన సరుకుకు పలికిన ధరను జెండా పాట అంటారు. ఆ ధర కొద్దిమందికే దక్కుతుందనీ, మిగిలిన రాశుల దగ్గర తేమ పేరుతో, నాణ్యత పేరుతో కోత పెడతారనీ రైతులు ఏటా మొత్తుకుంటూనే ఉంటారు. అదే సీసీఐ పత్తి కొనేటప్పుడు యంత్రంతో తేమ చూస్తుంది. 8 శాతం దాటితే లెక్క ప్రకారం తగ్గిస్తుంది, 12 దాటితే కొననంటుంది. అది రైతుకు నచ్చకపోవచ్చు గానీ, ఎందుకు తగ్గిందో తెలుస్తుంది. చేత్తో పిసికి చూసి పెట్టే కోతకు ఆ జవాబు ఉండదు.

పాత వస్తువు బేరానికీ ఇదే కొలత పెట్టాలంటాను. మందుకొట్టే బ్యాటరీ పంపును ఒకరు 2,000 రూపాయలకు పెట్టారనుకుందాం. బ్యాటరీ రెండేళ్ళదని వారే రాశారు. మర్యాద తెలిసినవాడు ఇలా రాస్తాడు: “అన్నా, కొత్త బ్యాటరీ 900 చెబుతున్నారు. మీదాంట్లో సగం ఆయువు పోయిందనుకుని 450 తగ్గించి 1,550 ఇస్తాను. రాత్రంతా ఛార్జింగు పెట్టి ఉంచండి. ఆదివారం పొద్దున వస్తాను. నీళ్ళు పోసి, గొట్టం కొసను ట్యాంకులోకే తిప్పి గంటసేపు నడిపి చూద్దాం. ధార సన్నబడితే బ్యాటరీ మార్చక తప్పదు కాబట్టి 1,100. లేదంటే 1,550 అక్కడే చేతిలో పెడతాను.”

గంటసేపు ఎందుకంటే, నీరసించిన బ్యాటరీ కూడా మొదటి ట్యాంకును జోరుగానే కొడుతుంది. దాని గుట్టు ఆ తర్వాతే బయటపడుతుంది. రెండు ధరలూ ముందే చెప్పడంలోనే అసలు మర్యాద ఉంది. ఇంటిదాకా వచ్చి, వస్తువును ఆటోలో వేసుకున్నాక “ఇంకో రెండొందలు తగ్గించండి సార్” అనడం, పాట ముగిశాక కాంటా దగ్గర కోత పెట్టడమే.

“లేనివాడు అడగకూడదా?” అని మీరు నిలదీయవచ్చు. తప్పక అడగవచ్చు. “నా దగ్గర 1,300 ఉన్నాయి, మీకు కుదిరితే ఇవ్వండి” అన్నది గౌరవమైన మాట. ఇచ్చేదీ మానేదీ అమ్మేవాడి ఇష్టం. తన జేబులోని లోటును వస్తువులోని లోపంగా చూపడమే నేను ఒప్పుకోనిది. ఎన్ని “అండీ”లు తగిలించినా ఆ అబద్ధం మర్యాద కాదు.

మీరేమంటారు?