గ్యాస్ అదే, ఎండకు లెక్క మారుతుంది

సర్వర్ గదిలో నిప్పు పుడితే నీళ్లు కొట్టలేం కదా, అందుకే ఎఫ్‌ఎం-200 లాంటి గ్యాస్ సిలిండర్లు పెడతారు. అది ఆక్సిజన్‌ని లాగేస్తుందని చాలామంది భయం. కాదు, ముఖ్యంగా మంటలోని వేడిని పీల్చేస్తుంది. గాలిలో 8 శాతం ఉంటే చాలు, ఆక్సిజన్ 19 శాతం మిగులుతుంది. కార్బన్ డయాక్సైడ్‌కైతే కనీసం 34 శాతం కావాలి, అది మనిషి ప్రాణం తీస్తుంది.

ఎఫ్‌ఎం-200 వల్ల గుండెకు ఇబ్బంది రాని హద్దు 9 శాతం. మన కర్నూలు, కడపల్లో ఈ హద్దుని ఎండాకాలంలో చూసుకోవాలి. 60 ఘనమీటర్ల గదికి 20 డిగ్రీల వద్ద 7.9 శాతం రావాలంటే 37.5 కిలోలు పడుతుంది. మే నెలలో ఏసీ ఆగి గది 45 డిగ్రీలకు చేరితే, గ్యాస్ వ్యాకోచించి అదే బరువు 8.6 శాతమవుతుంది. ఇంకా పర్వాలేదు. కానీ అడ్డుగోడ కట్టి గదిని 54 ఘనమీటర్లకు తగ్గించారనుకోండి, 9.4 శాతం! అందుకే నేను ఏ గదికెళ్లినా సిలిండర్ కంటే ముందు టేపుతో గదినే కొలుస్తాను.

లెక్క సరిపోయినా సైరన్ మోగితే లోపల ఉండకండి. గ్యాస్ వదిలే ముందు సాధారణంగా 30 సెకన్ల గడువు పెడతారు. మంటకు తగిలిన గ్యాస్ నుంచి పుట్టే హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఊపిరితిత్తులకు చేటు.